ట్యూబు లోపలి మురికికి బయటి లెక్క

ఒక ద్రవంలోని వేడిని ట్యూబు గోడ గుండా ఇంకో ద్రవానికి అందించే హీట్ ఎక్స్ఛేంజర్ లెక్కల్లో చాలామంది తడబడే చోటు ఒకటుంది, అది పెద్ద గణితమేమీ కాదు, ఒక చిన్న గుణకారం. ట్యూబు లోపల పేరుకున్న మురికి నిరోధాన్ని బయటి వైశాల్యానికి మార్చి రాయడం. దాన్ని మరిచిపోతే ఏమవుతుందో, గుర్తుపెట్టుకుని సరిగ్గా చేసినా ఆ తర్వాత ప్లాంటులో ఏం జరగొచ్చో, ఒకే ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం.

ట్యూబుల కట్టను చుట్టి ఉండే పెద్ద గొట్టం, అంటే షెల్‌లో, కిరోసిన్ లాంటి పల్చటి నూనె 75 డిగ్రీల దగ్గర వచ్చి 55కి చల్లబడాలి. ట్యూబుల్లో నీళ్లు ఎదురు దిశలో 30 డిగ్రీల దగ్గర ప్రవేశించి 40కి వేడెక్కి బయటికి పోతాయి. మార్చాల్సిన వేడి 500 కిలోవాట్లు. ట్యూబు బయటి వ్యాసం 19.05 మిల్లీమీటర్లు, గోడ మందం 2.11, అంటే లోపలి వ్యాసం 14.83. పొడవు 6 మీటర్లు, మామూలు కార్బన్ స్టీలు.

నూనెలోని వేడి నీళ్లను చేరాలంటే వరసగా ఐదు అడ్డంకులు దాటాలి. ట్యూబుకు ఆనుకుని ఉన్న పల్చటి నూనె పొర, ట్యూబు బయట పేరుకున్న మురికి, స్టీలు గోడ, లోపలి మురికి, లోపల గోడను ఆనుకుని పారే నీటి పొర. ఇవి ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి కాబట్టి నిరోధాలు కూడుకుంటాయి, ఆ మొత్తాన్ని తిరగేస్తే వచ్చేదే U, మొత్తం ఉష్ణ బదిలీ గుణకం.

```
1/Uo = 1/ho + Rfo + do·ln(do/di)/(2k) + (do/di)·Rfi + (do/di)/hi
```

ఇందులో h ఆ వైపు ద్రవపు పొర ఉష్ణ బదిలీ గుణకం, Rf మురికి నిరోధం, d ట్యూబు వ్యాసం, k స్టీలు ఉష్ణ వాహకత; చిన్న o బయటి వైపుకి, i లోపలి వైపుకి గుర్తు. చివరి రెండు పదాల్లో do/di వచ్చింది చూడండి, మొదట్లో చెప్పిన గుణకారం అదే. ట్యూబు బయట ఒక చదరపు మీటరు ఉపరితలం ఉంటే దాని లోపల ఉండేది 0.78 చదరపు మీటరే. అదే వేడి అంత తక్కువ చోటులోంచి దూరి పోవాలి, కాబట్టి బయట నిలబడి చూసేవాడికి లోపలి అడ్డంకి 19.05/14.83, అంటే 1.285 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. బయటి వైశాల్యాన్నే ఎందుకు ఎంచుకుంటాం అంటే అందులో సిద్ధాంతమేమీ లేదు, ట్యూబులు బయటి వ్యాసం పేరుతోనే అమ్ముతారు, గోడ మందం ఏదైనా ఆ వ్యాసం మారదు, కొలవడం తేలిక. లోపలి వైశాల్యం మీద లెక్కేసినా తప్పు లేదు, అప్పుడు U వేరే అంకె వస్తుంది కానీ U ని ఆ వైశాల్యం A తో గుణించి చూస్తే మాత్రం ఒకటే. ఏ వైశాల్యం మీదో చెప్పకుండా U విలువ ఒక్కటే ఎవరైనా ఇస్తే అది నాకు సగం సమాచారమే.

ఇప్పుడు అంకెలు. ఈ నిరోధాలన్నీ మరీ చిన్నవి, సున్నాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా ప్రతిదాన్నీ లక్షతో గుణించి రాస్తాను. నూనె వైపు ho 1500 అనుకుంటే దాని నిరోధం 66.7. స్టీలు గోడది 4.8. నీటి వైపు hi 5000, దాని సొంత నిరోధం 20, బయటి వైశాల్యానికి మార్చితే 25.7. మూడూ కలిపితే 97.1, అంటే శుభ్రంగా ఉన్న ఎక్స్ఛేంజర్‌కి U విలువ 1030, చదరపు మీటరుకు ఒక డిగ్రీ తేడాకు అన్ని వాట్లు.

మురికికి ఎంత ఇవ్వాలి? ట్యూబులర్ ఎక్స్ఛేంజర్ మాన్యుఫాక్చరర్స్ అసోసియేషన్, అందరూ టెమా అనే సంస్థ, 1941 నుంచి ప్రమాణాలు వెలువరిస్తోంది. శుద్ధి చేసిన కూలింగ్ టవర్ నీటికి ఆ పట్టికల్లో ఉండే విలువ మన లెక్కలో సుమారు 18. నూనె వైపుకూ 18 అనే తీసుకుందాం. బయటిది 18 గానే ఉంటుంది, లోపలిది 1.285 రెట్లయి 23.1 అవుతుంది. రెండూ కలిసి 41.1, మొత్తం 138.2, U పడిపోయి 723.

సగటు ఉష్ణోగ్రత తేడా, అంటే లాగరిథమిక్ సగటు, 29.7 డిగ్రీలు. 500 కిలోవాట్లకు శుభ్రమైన U తో అయితే 46 ట్యూబులు చాలు, మురికి కలిపితే 65 కావాలి. లోపలి రెండు పదాలనూ 1.285తో గుణించడం మరిచిపోయారనుకోండి, మొత్తం 127.5 వచ్చి U 784 అని కనిపిస్తుంది, 60 ట్యూబులతో సరిపెట్టేస్తారు. ఐదు ట్యూబుల లోటు మొదటి రోజు ఎవరికీ తెలియదు, ఎందుకంటే అప్పటికి మురికి లేదు. మురికి అనుకున్నంత పేరుకున్నాక, ఎండాకాలంలో నీళ్లు వేడిగా వచ్చే రోజున బయటపడుతుంది.

సరే, లెక్క సరిగ్గానే చేసి 65 ట్యూబులు పెట్టాం. నాకు అసలు కథ ఇక్కడ మొదలవుతుంది అనిపిస్తుంది. మొదటి రోజు ఎక్స్ఛేంజర్‌కి కావలసినదానికంటే చాలా ఎక్కువ బలం ఉంటుంది, నూనె 55 కంటే చల్లగా వస్తుంది. ఆపరేటర్ ఏం చేస్తాడు? నీటి వాల్వ్ మూస్తాడు. ఎంత మూయొచ్చో లెక్కేసి చూడండి: నీళ్లు సరిగ్గా సగం చేస్తే అవి 50 డిగ్రీల దగ్గర బయటికి వస్తాయి, ఉష్ణోగ్రత తేడా రెండు చివర్లా 25. వేగం సగమైతే hi సుమారు 1.74 రెట్లు తగ్గుతుంది, ఎందుకంటే సుడులు తిరిగే ప్రవాహంలో అది వేగానికి 0.8 ఘాతంగా మారుతుంది. నీటి నిరోధం 25.7 నుంచి 44.7కి పెరిగి U 861 అవుతుంది. దాన్ని మన 23.3 చదరపు మీటర్లతో, 25 డిగ్రీలతో గుణిస్తే దాదాపు 500 కిలోవాట్లే. సగం నీళ్లతో పని చక్కగా జరిగిపోతోంది, పంపు ఖర్చు కూడా కలిసొచ్చింది.

కానీ ట్యూబుల్లో నీటి వేగం 1.07 మీటర్ల నుంచి సెకనుకు 0.53 మీటర్లకు పడిపోయింది. నీళ్లతో కొట్టుకుపోవాల్సిన ఒండ్రు ఇప్పుడు ట్యూబుల్లోనే కుదురుకుంటుంది. నీళ్లు 40కి బదులు 50 డిగ్రీలకు వేడెక్కుతున్నాయి, కాల్షియం కార్బొనేట్ చాలా లవణాల్లా కాకుండా వేడి పెరిగేకొద్దీ తక్కువగా కరుగుతుంది, అందుకే వేడి గోడ మీదే సున్నపు పొర కడుతుంది. టెమా పట్టికలో నీటికి వేగాన్నీ ఉష్ణోగ్రతనీ బట్టి వేర్వేరు గడులు ఉండటానికి కారణం ఇదే, అక్కడి గీత సెకనుకు 3 అడుగులు, అంటే సుమారు 0.9 మీటర్లు. మనం ఆ గీతకు పైన డిజైన్ చేసి కింద నడుపుతున్నాం. మురికి వస్తుందేమోనని ఇచ్చిన అదనపు వైశాల్యమే మురికిని పిలిచి కూర్చోబెట్టింది.

1959లో కెర్న్, సీటన్ అనే ఇద్దరు దీన్ని చక్కగా సూత్రీకరించారు. మురికి చేరే వేగం ఒకటి, ప్రవాహం దాన్ని గీకి తీసుకుపోయే వేగం ఇంకొకటి, పొర మందమయ్యేకొద్దీ గీకుడు పెరుగుతుంది, రెండూ సమానమైన చోట నిరోధం ఇక పెరగకుండా ఆగుతుంది. ఆ ఆగే ఎత్తు నీటి వేగం మీద ఆధారపడుతుంది. సున్నపు పొర లాంటి గట్టి పొరలు మాత్రం ఈ మాట వినవు, అవి పెరుగుతూ పోగలవు. ఏదేమైనా పట్టికలోని 18 అనేది నీటికి పుట్టుకతో వచ్చిన గుణం కాదు, ఫలానా పరిస్థితుల్లో నడిపితే అనే షరతు దాని వెనక ఉంది. అందుకే నూనె మరీ చల్లబడుతుంటే నీటి వాల్వ్ జోలికి పోకుండా, నూనెలో కొంత భాగాన్ని ఎక్స్ఛేంజర్ పక్కనుంచి బైపాస్ చేసి మళ్లీ కలపడం నాకు నచ్చిన పద్ధతి.

కొన్ని నెలలు గడిచాయి అనుకుందాం. మురికి పెరిగేకొద్దీ ఆపరేటర్ వాల్వ్ మెల్లగా తెరుస్తూ వచ్చాడు, ఇప్పుడు నీళ్లు డిజైన్‌లో 70 శాతం, నూనె ఇంకా 75 నుంచి 55కే వస్తోంది, నీళ్లు 44.3 దగ్గర బయటికి పోతున్నాయి. ఎంత మురికి పట్టింది? సగటు తేడా 27.75, కాబట్టి U 772, మొత్తం నిరోధం 129.5. చాలామంది చేసేది దీంట్లోంచి శుభ్రమైన రోజు లెక్క 97.1 తీసేయడం. 32.4 వస్తుంది, మనం అనుమతించిన 41.1లో దాదాపు 80 శాతం అయిపోయింది, శుభ్రం చేయడానికి తేదీ చూడండి అంటారు.

అది తప్పు, ఎందుకంటే 97.1 అనేది పూర్తి ప్రవాహానికి. 70 శాతం నీళ్ల దగ్గర, మురికి లేకపోయినా నీటి నిరోధం 34.2 ఉంటుంది, శుభ్రమైన మొత్తం 105.7. నిజమైన మురికి 23.8. తక్కువ నీళ్ల వల్ల పెరిగిన నిరోధాన్ని కూడా మురికి ఖాతాలో రాసేశాం. మన ఉదాహరణలో నూనె ప్రవాహం మారలేదు, అది కూడా మారితే దానికీ ఇదే సవరణ చేయాలి. కొలతల్లో చిన్న పొరపాటు కూడా ఈ తీసివేతలో పెద్దదైపోతుంది, కాబట్టి నూనె ఇచ్చిన వేడి, నీళ్లు పుచ్చుకున్న వేడి రెండూ విడిగా లెక్కేసి, అవి ఒకదానికొకటి దగ్గరగా లేకపోతే ఆ రోజు డేటాను పక్కన పెట్టేయడం మేలు.

ఈ 23.8 బయటి వైశాల్యం మీది మొత్తం, మురికి ఏ వైపున ఉందో అది చెప్పదు. అంతా ట్యూబు లోపలే ఉందనుకుంటే 1.285తో భాగించాలి, 18.5 వస్తుంది. ఆ మురికి సున్నపు పొర అయితే దాని ఉష్ణ వాహకత 2 కంటే కాస్త ఎక్కువ, మందం 0.4 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. సూక్ష్మజీవుల జిగట పాచి అయితే అది ముప్పాతిక మువ్వీసం నీళ్లే, వాహకత 0.6, పదో వంతు మిల్లీమీటరు చాలు. రెండు మిల్లీమీటర్ల స్టీలు గోడ 4.8 నిరోధం ఇస్తే పదో వంతు మిల్లీమీటరు పాచి అంతకు ఐదు రెట్లు ఇస్తోంది.

ఏ వైపో తేల్చడానికి నేనైతే ఒత్తిడి చూస్తాను. ట్యూబుల్లో ఒత్తిడి తగ్గుదల, అదే ప్రవాహం దగ్గర, వ్యాసం ఐదో ఘాతానికి దాదాపు విలోమంగా మారుతుంది. 0.4 మిల్లీమీటర్ల పొర చుట్టూ పట్టితే వ్యాసం 14.03కి తగ్గి ఒత్తిడి తగ్గుదల మూడో వంతు దాకా పెరుగుతుంది, మామూలు గేజిలోనే కనిపిస్తుంది. పల్చటి పాచికి వ్యాసం తగ్గడం వల్ల వచ్చే మార్పు చిన్నదే అయినా దాని గరుకుతనం వల్ల ఒత్తిడి ఇంకాస్త ఎక్కువ పెరుగుతుంది. నీటి వైపు ఒత్తిడి మొదటి రోజు లాగే ఉండి నిరోధం మాత్రం పెరిగిందంటే, ట్యూబుల్లోకి బ్రష్ దూర్చే ముందు షెల్ వైపు తెరిచి చూడాలి.