పది వేల కరపత్రాలు పంచితే పది వేల మందికి చేరినట్లేనా? ఆరోగ్య ప్రచారాల కొలతపై అపోహలు - వాస్తవాలు

ఆరోగ్య ప్రచారాల నివేదికలు రాయడం, ఇతరులు రాసినవి సరిచూడడం నా పని. చాలా నివేదికలు ఒకే వరుసలో సాగుతాయి: ఇన్ని కరపత్రాలు పంచాం, ఇంతమందికి చేరాం, ఇంతమందికి గుర్తుంది, ఇంతమంది మారారు. ఈ నాలుగింటిలో మొదటిది ఒక్కటే లెక్కపెట్టినది. మిగతా మూడూ తరచుగా ఊహలే.

మాట సులువుగా నడవడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. నెల రోజుల ప్రచారం. 30 ఏళ్లు దాటినవారు దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లి ఒకసారి బీపీ చూపించుకోవాలన్నది సందేశం. ప్రచారానికి ముందు 200 మందిని, తర్వాత మరో 200 మందిని అడగడానికే డబ్బుంది. కింద ఈ ప్రచారం గురించి ఇచ్చే అంకెలు లెక్క చూపించడానికి నేను వేసుకున్నవి.

అపోహ: పంచినన్ని కరపత్రాలు, చేరినంతమంది జనం.

కట్ట విప్పకుండా బీరువాలో ఉండిపోయినవి ఎన్ని? ఒకే చేతిలో పడినవి ఎన్ని? ఫోనులో వచ్చే ‘వీక్షణలు’ కూడా ఇంతే. ఒకే మనిషి ఐదుసార్లు చూస్తే అవి ఐదు వీక్షణలు, మనిషి మాత్రం ఒక్కడే. రీచ్ అంటే మనం ఎవరికోసం ప్రచారం చేశామో వారిలో కనీసం ఒక్కసారైనా సందేశం తగిలినవారు నూటికి ఎంతమంది అన్నది. కింద హారం లేని రీచ్ అంకెను నేను నివేదికలోంచి తీసేస్తాను.

అపోహ: ‘ఈ పోస్టర్ చూశారా?’ అని అడిగితే గుర్తున్నదీ లేనిదీ తెలిసిపోతుంది.

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. పోస్టర్ చూపించి అడిగితే జనం మొహమాటానికైనా ‘చూశాం’ అంటారు. కొందరు దానిలాంటిదే ఇంకొకటి చూసి ఉంటారు. అందుకే ముందు ఏమీ చూపకుండా అడగాలి: ‘ఈ నెలలో బీపీ గురించి ఎక్కడైనా విన్నారా, చదివారా? ఎక్కడ? ఏం చేయమన్నారు?’ జవాబును వారి మాటల్లోనే రాసుకోవాలి. ‘బీపీ మంచిది కాదని చెప్పారు’ అన్నవారికి ఏదో తగిలింది కానీ మన సందేశం తగలలేదు. ‘సెంటర్‌కు వెళ్లి చూపించుకోమన్నారు’ అన్నవారికి తగిలింది.

ఆ తర్వాతే పోస్టర్ చూపించాలి. దానితోపాటు మనం ఎప్పుడూ వాడని పోస్టర్ ఒకటి, అదే రంగులతో, అదే తీరులో తయారుచేసి చూపించాలి. దీనికయ్యే ఖర్చు ఒక్క ప్రింటు. ఏది ముందు చూపాలో మనిషికీ మనిషికీ మారుస్తుండాలి. దొంగ పోస్టర్ మీద తప్పుడు ఆరోగ్య సలహా మాత్రం ఉండకూడదు, అది కూడా కొందరికి గుర్తుండిపోతుంది.

అసలు పోస్టర్ చూశామన్నవారు నూటికి 46 మంది, దొంగ పోస్టర్ చూశామన్నవారు 18 మంది అనుకుందాం. ఏది చూపినా అవుననేవారు 18 మంది ఉన్నారంటే, మిగిలిన 82 మందిలో 28 మంది చెప్పినదే నమ్మదగ్గది. 28ని 82తో భాగిస్తే 34 శాతం. నివేదికలో వేయాల్సింది ఇదే. 46 అని గొప్పగా వేస్తే, ఏ ప్రచారమూ జరగని చోట కూడా నూటికి 18 మంది ‘గుర్తుంది’ అని వస్తారు. అనుమానం ఉంటే ప్రచారం మొదలుకాక ముందు సర్వేలోనే పోస్టర్ చూపించి అడగండి, గోడల మీద ఇంకా అంటించని పోస్టర్‌ను చూశామనేవారు కనిపిస్తారు.

ఇంకొక మాట. గుర్తున్నవారినీ లేనివారినీ పోల్చి, ‘గుర్తున్నవారిలో ఎక్కువమంది బీపీ చూపించుకున్నారు, కనుక పోస్టర్ పనిచేసింది’ అని రాయడం పెద్ద తప్పు. ఇంట్లో ఎవరికైనా బీపీ ఉన్నవారే పోస్టర్ దగ్గర ఆగి చదువుతారు. వారు ఎలాగూ వెళ్లేవారే.

అపోహ: జనం చేస్తున్నామన్నారంటే చేస్తున్నట్టే.

మంచి అలవాటు గురించి అడిగితే మంచి జవాబే వస్తుంది. ప్రచారం తర్వాత ఇంకా ఎక్కువ వస్తుంది, ఎందుకంటే ఏది మంచి జవాబో ఆ ప్రచారమే నేర్పింది. పోనీ కూర్చుని చూద్దామంటే అదీ తిన్నగా ఉండదు. 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో బంగ్లాదేశ్ గ్రామాల్లో కొన్ని ఇళ్లకు కదలికను నమోదుచేసే పరికరం లోపల అమర్చిన సబ్బులు ఇచ్చారు. పరిశీలకులు వచ్చి కూర్చున్న రోజున సబ్బు కదలికలు మామూలుకంటే 35 శాతం పెరిగాయి.

చిన్న బడ్జెట్‌లో పరికరాలు కొనలేం. అందుకే ఎక్కడో ఒక జాడ వదిలే పనినే ప్రచార లక్ష్యంగా ఎంచుకోవాలని నేను పట్టుబడతాను. ‘ఆరోగ్యంగా ఉండండి’ అన్నదానికి జాడ లేదు. బీపీ చూపించుకుంటే ఆరోగ్య కేంద్రం రిజిస్టర్‌లో ఒక వరుస పడుతుంది.

అపోహ: బీపీ చూపించుకున్నామన్నవారు ముందు 22 శాతం, తర్వాత 29 శాతం. కనుక ప్రచారం ఫలించింది.

రెండు విడతల్లోనూ 200 మందినే అడిగినప్పుడు, ఆ 7 శాతం పాయింట్ల తేడాకు అటూ ఇటూ ఎనిమిదిన్నర పాయింట్ల పొరపాటు ఉండవచ్చు. అంటే అసలు మార్పు సున్నా కావచ్చు, 15 కూడా కావచ్చు. అమెరికాలో మాధ్యమాల ద్వారా జరిగిన ఆరోగ్య ప్రచారాలపై 2004లో వచ్చిన ఒక విశ్లేషణలో సగటు మార్పు నూటికి 8 మంది దగ్గరే తేలింది. మంచి ప్రచారం తెచ్చే మార్పే ఇంత చిన్నదైతే, 200 మంది సర్వేకు అది కంటికి ఆనదు. 50 శాతం నుంచి 60కి జరిగిన మార్పును నమ్మకంగా పట్టుకోవాలంటేనే ఒక్కో విడతకు దాదాపు 400 మంది కావాలి.

కాబట్టి ఆ 200 మందిని రీచ్, జ్ఞాపకం కొలవడానికే వాడండి. ప్రవర్తన లెక్కకు రిజిస్టర్ దగ్గరకు వెళ్లండి. ప్రచారానికి ముందు ఎనిమిది వారాలు, తర్వాత ఎనిమిది వారాలు తొలిసారి బీపీ చూపించుకున్నవారిని లెక్కించాలి. ప్రచారం జరగని మరో కేంద్రంలో కూడా అవే వారాలకు అదే లెక్క తీయాలి. ప్రచారం జరిగినచోట వారానికి 60 నుంచి 84కు, జరగనిచోట 58 నుంచి 66కు పెరిగింది అనుకుందాం. మొదటిచోట పెరుగుదల 24. ప్రచారం లేకపోయినా రెండోచోట 8 పెరిగింది కనుక మన ఖాతాలో వేసుకోదగ్గది వారానికి సుమారు 16 మంది.

ఈ 16ని కూడా వెంటనే నమ్మను. ప్రచారం వస్తోందని తెలిసి నర్సు శ్రద్ధగా రాయడం మొదలుపెట్టి ఉండవచ్చు. అంతకుముందు బీపీ మిషన్ పాడై ఉండవచ్చు. రెండోసారి వచ్చినవారు ‘కొత్త’ గడిలో పడి ఉండవచ్చు. అందుకే అవే వారాలకు మొత్తం ఓపీ సంఖ్య కూడా తీస్తాను. బీపీతోపాటు జ్వరాలు, గాయాలు కూడా అంతే పెరిగితే కారణం మన పోస్టర్ కాదు. మిషన్ ఏ తేదీల్లో పనిచేయలేదో అడిగి ఆ వారాలను రెండుచోట్లా వదిలేస్తాను. ఒక వారం పేజీలు తిరగేస్తూ ‘కొత్త’ అని రాసిన పేర్లలో పాత పేజీల్లో కూడా ఉన్నవి ఎన్నో చూస్తాను. పేర్లు రాసుకోను, సంఖ్య మాత్రమే.

ఇవన్నీ దాటి నిలిస్తే నివేదికలో ఇలా రాస్తాను: ‘ప్రచారం జరిగిన కేంద్రంలో తొలిసారి బీపీ చూపించుకున్నవారు, జరగని కేంద్రంతో పోల్చితే వారానికి సుమారు 16 మంది ఎక్కువ. పోల్చింది ఒక్కో కేంద్రాన్నే కనుక ఇది రుజువు కాదు, సూచన. చూసింది ఎనిమిది వారాలే, ఆ తర్వాత ఏమైందో ఈ లెక్క చెప్పదు.’