టమాటను అడ్డంగా కోసి చూస్తే

వరంగల్ లక్ష్మీపురం మార్కెట్‌లో టమాట గంపలు వంకాయలు, బెండకాయలు, పచ్చిమిర్చి పక్కనే ఉంటాయి. అరటిపండ్ల బండి మీద టమాట పెట్టి అమ్మరు. వృక్షశాస్త్రం చదివినవాళ్లు మాత్రం టమాట ముమ్మాటికీ పండే అంటారు. రెండు మాటలూ నిజమే. శాస్త్రజ్ఞులు అది మొక్కలో ఏ భాగం నుంచి వచ్చిందో చూస్తారు, వంట చేసేవాళ్లు గిన్నెలో పడ్డాక అది ఏం చేస్తుందో చూస్తారు.

ముందు మొక్క దగ్గరికి పోదాం. టమాట పువ్వు పసుపుపచ్చగా, తల వంచుకుని ఉంటుంది. గాలికి గానీ తుమ్మెద ఒంటి అదురుకు గానీ పువ్వు కదిలితే పుప్పొడి రాలి కీలాగ్రం మీద పడుతుంది. లోపలున్న అండాలు ఫలదీకరణం చెంది గింజలవుతాయి. వాటిని దాచుకున్న అండాశయం ఉబ్బుతూ పోయి, ఆరేడు వారాలకు ఎర్రటి టమాట అవుతుంది. పువ్వులోని అండాశయం పెరిగి గింజల్ని మోస్తే వృక్షశాస్త్రంలో దాన్నే ఫలం అంటారు. తీపి, పులుపు అనే లెక్క అక్కడ లేదు.

టమాటను అడ్డంగా కోస్తే ఇదంతా కంటికే కనిపిస్తుంది. బయటి కండ ఒకప్పటి అండాశయం గోడ. లోపల రెండు మూడు గదులు, మడతలు పడ్డ నాటు రకాల్లో ఇంకా ఎక్కువ. ప్రతి గదిలోనూ గింజల చుట్టూ జిగురు. తొడిమ దగ్గర నక్షత్రంలా విచ్చుకున్న ఆకుపచ్చ రేకులు పువ్వుకున్న రక్షక పత్రాలే. గోడంతా కండగా మారి, లోపల గింజలుండే ఇలాంటి ఫలాన్ని మృదుఫలం అంటారు. ద్రాక్ష, వంకాయ కూడా ఆ కోవలోవే.

ఈ కొలతతో చూస్తే మన కూరగాయల్లో సగం ఫలాలే. బెండ, సొర, బీర, చిక్కుడు అన్నీ అంతే. వరంగల్ ప్రాంతంలో టమాట మిర్చి అని పిలుచుకునే చపాటా మిరప కూడా ఫలమే. అది టమాట కుటుంబానికే చెందింది కూడా. పాలకూర ఆకు, ముల్లంగి వేరు, ఆలుగడ్డ భూమిలో ఊరిన కాండం. ఫలాలు కానివి ఇలాంటివే.

ఇక వంటింటి సంగతి. నూరు గ్రాముల మామిడిపండులో చక్కెర 14 గ్రాముల దాకా ఉంటే, టమాటలో 3 గ్రాములకు అటూ ఇటూ. పులుపు మాత్రం గట్టిగా ఉంటుంది, అది ముఖ్యంగా సిట్రిక్ ఆమ్లం వల్ల. దానికి తోడు గ్లుటామిక్ ఆమ్లం ఉంది. మాంసం పులుసుకు, పుట్టగొడుగులకు నిండైన రుచినిచ్చేది ఇదే. కాయ పండేకొద్దీ ఇది పెరుగుతుంది, పైగా కండలో కన్నా గింజల చుట్టూ ఉండే జిగురులో ఎక్కువ. గింజలు తీసేసి చారు పెడితే చప్పగా అనిపించడానికి కారణం ఇదే. మొక్కకేమో ఆ జిగురు, పండు లోపలే గింజ మొలకెత్తకుండా ఆపే ఏర్పాటు.

పులుపు పనితనం టమాట పప్పులో బాగా తెలుస్తుంది. కందిపప్పు మెత్తబడాలంటే గింజలోని కణాలను అతికి పట్టుకున్న పెక్టిన్ కరగాలి. పులుపు తగిలితే అది తొందరగా కరగదు. మామూలు గిన్నెలో పప్పు, టమాట కలిపి పొయ్యి మీద పెడితే ఎంత ఉడికినా పలుకులు పలుకులుగా మిగలడం అందుకే. పప్పు వేలితో నలిగేదాకా ఉడికాక టమాట వెయ్యాలి. కుక్కర్‌లో వేడి ఎక్కువ కాబట్టి ఈ తేడా అంతగా తెలియదు. చింతపండు చేసే పని చేస్తున్నదాన్ని వంట చేసేవాళ్లు అరటిపండుతో ఎందుకు జతకడతారు?

ఈ తగువు ఒకసారి అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. అక్కడి 1883 నాటి చట్టం దిగుమతి కూరగాయల మీద పది శాతం సుంకం వేసింది, పండ్లను వదిలేసింది. న్యూయార్క్‌లో వ్యాపారం చేసే నిక్స్ కుటుంబం టమాట పండే కాబట్టి కట్టిన సుంకం తిరిగి ఇవ్వమని దావా వేసింది. వృక్షశాస్త్రం ప్రకారం అది ఫలమేనని 1893లో కోర్టు ఒప్పుకుంది. కానీ జనం దాన్ని భోజనంలో కూరగాయగా తింటారు, భోజనం తర్వాత తీపిగా కాదు, చట్టంలోని మాటకు జనం వాడుకే అర్థం అని తీర్పిచ్చింది. పన్నుల చట్టానికి అది సరైన పద్ధతేనని నా అభిప్రాయం.

వంటింటి లెక్కలో ఒకే కాయ పక్షం మారగలదు కూడా. పచ్చి మామిడి పప్పులోకి, పండిన మామిడి చేతిలోకి. టమాట పచ్చిదైనా పండినా గిన్నెలోకే పోతుంది, కానీ పచ్చివన్నీ ఒకటి కాదు. పచ్చి టమాటను పదునైన కత్తితో కోసినప్పుడు గింజలు తెగకుండా జిగురులో పక్కకు జారితే అది ముదిరిన కాయ, ఇంట్లో ఉంచినా నాలుగు రోజులకు అటూ ఇటూగా ఎర్రబడటం మొదలయ్యే రకం. జిగురు పట్టక గింజలు కత్తికి తెగిపోతే అది లేత కాయ. అలాంటి గంపను పండుతాయని దాచుకోవద్దు, ఆ రోజే పచ్చడి చేసుకోవాలి.