నిండు నెలల్లో వ్యాయామం: గుండెకు తిరిగొచ్చే రక్తం సంగతి

గర్భిణి పక్కకు తిరగాలంటే ముందు లేచి కూర్చోవాలి, ఆ తర్వాతే రెండోవైపు ఒత్తిగిలాలి, లేకపోతే పేగు బిడ్డ మెడకు చుట్టుకుంటుంది అని మన ఇళ్లలో పెద్దవాళ్లు చెబుతుంటారు. మద్రాసులో స్థిరపడి మూడు తరాలైన తెలుగు కుటుంబాల్లో కూడా ఈ మాట చెక్కుచెదరలేదు. బొడ్డుతాడు మెడకు చుట్టుకునేది ఉమ్మనీటిలో బిడ్డ తనంతట తాను తిరగడం వల్ల. తల్లి ఏ పక్కకు ఎలా ఒత్తిగిలినా దానికి సంబంధం లేదు. అయితే నిండు నెలల్లో పడుకునే తీరు గురించి జాగ్రత్తపడటంలో మాత్రం అర్థముంది. ఏ కదలికలు మంచివి, ఏవి మానుకోవాలి అనే ప్రశ్నకు జవాబు కూడా చాలావరకు అక్కడే దొరుకుతుంది.

కాళ్లలోంచి, నడుము కింది భాగంలోంచి రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర ఒకటి వెన్నెముకను ఆనుకుని, కాస్త కుడివైపుగా పైకి వెళ్తుంది. వైద్యులు దాన్ని ఇన్‌ఫీరియర్ వీనా కేవా అంటారు. సిరల గోడలు పలచన, లోపలి ఒత్తిడి తక్కువ. అందువల్ల బయటినుంచి బరువు పడితే ఇట్టే నొక్కుకుపోతాయి. ఏడో నెల దాటిన గర్భిణి వెల్లకిలా పడుకుంటే బిడ్డ, మాయ, ఉమ్మనీరు, గర్భాశయం అన్నీ కలిసిన బరువు నేరుగా ఆ సిర మీదే పడుతుంది. తోటలో నీళ్ల గొట్టం మీద కాలు వేసినట్టే. గుండెకు చేరే రక్తం తగ్గితే గుండె పంపే రక్తమూ తగ్గుతుంది. నెలలు నిండేసరికి గర్భాశయానికి నిమిషానికి అర లీటరు పైగా రక్తం అందుతుండాలి కాబట్టి, ఆ లోటు బిడ్డ వాటాలోనూ పడుతుంది.

అందరికీ కళ్లు తిరగవు. వెన్నెముక పక్కనుండే చిన్న సిరలు చాలామందిలో అడ్డదారిగా పనిచేసి రక్తాన్ని పైకి చేరుస్తాయి. కొందరికి మాత్రం వెల్లకిలా పడుకున్న కొద్ది నిమిషాలకే చెమట పడుతుంది, వికారంగా ఉంటుంది, గుండె దడదడలాడుతుంది, ముఖం పాలిపోతుంది. యోగా తరగతి చివర శవాసనంలో ఇలా జరిగితే వ్యాయామం ఎక్కువైందని అనుకుంటారు. నిజానికి అప్పటిదాకా చేసిన కదలికలన్నీ బాగానే పడ్డాయి, విశ్రాంతి భంగిమే పడలేదు. పక్కకు, వీలైతే ఎడమపక్కకు, ఒత్తిగిలితే సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. సిర కుడివైపుగా ఉంటుంది కాబట్టి ఎడమకు తిరగమంటారు. కుడిపక్కన పడుకున్నా వెల్లకిలా కన్నా ఎంతో మేలు.

ఎంత ఒరిగితే సరిపోతుంది? 2015లో జపాన్ పరిశోధకులు నెలలు నిండిన గర్భిణులను ఎమ్మారైలో చూశారు. 15 డిగ్రీలు ఒరిగినప్పుడు ఆ సిర దాదాపుగా నొక్కుకునే ఉంది. 30 డిగ్రీలు ఒరిగాక అందులో రక్తం స్పష్టంగా పెరిగింది. అంటే నడుము కింద పలచటి దుప్పటి మడిచి పెట్టుకుని సరిపోయిందనుకోవడం పొరపాటు. కుడి తుంటి నుంచి భుజం దాకా మందమైన దిండు ఉండాలి, లేదా పూర్తిగా పక్కకే తిరగాలి. అలాగని రాత్రి మెలకువ వచ్చి చూసుకుంటే వెల్లకిలా ఉన్నానని బెంబేలెత్తనక్కర్లేదు. పక్కకు తిరిగి మళ్లీ నిద్రపోతే చాలు.

ఇదే లెక్క నిలబడటానికీ వర్తిస్తుంది. నడిచేటప్పుడు పిక్క కండరాలు బిగిసి వదులై రక్తాన్ని పైకి నెడతాయి. కదలకుండా నిలబడితే ఆ పని ఆగిపోయి రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది. అరగంట నడిచినా బాగానే ఉన్నామె, రేషన్ దుకాణం వరుసలో పది నిమిషాలు నిలబడి కళ్లు తిరిగి కూలబడటంలో వింతేమీ లేదు. ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనంలాంటివి ఎక్కువసేపు నిలిపి ఉంచడం వద్దనడానికి ఒక కారణం ఇదైతే, ముందుకు బరువు పెరిగి తూకం తప్పే ప్రమాదం మరొకటి. చకచకా నడుస్తూ ఉన్నపళంగా ఆగిపోవడం కూడా మంచిది కాదు. చివరి రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా నడిచి ఆగాలి.

ఊపిరి బిగబట్టడం మరో అడ్డంకి. చెన్నైలో చాలా ఇళ్లకు తాగునీరు 20 లీటర్ల క్యాన్లలో వస్తుంది. దాన్ని నేలమీంచి లేపి స్టాండు మీద బోర్లించేటప్పుడు ఎవరైనా ఊపిరి బిగబడతారు. అప్పుడు ఛాతీలో, పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి రక్తం గుండెకు తిరిగి రావడం తగ్గుతుంది, పొత్తికడుపు అడుగునున్న కండరాల మీద భారం పడుతుంది. ఆ పని ఇంట్లో మరొకరికి అప్పగించాలి. ప్రాణాయామంలో ఊపిరి బిగబట్టే కుంభకం, ఊపిరిని బలంగా విడిచే కపాలభాతి, భస్త్రిక కాన్పు అయ్యేదాకా పక్కన పెట్టాలి. ఇక సూర్య నమస్కారాలంటారా, బోర్లా వచ్చే భంగిమలున్న ఆ వరుసను ఈ నెలల్లో ఎందుకు పట్టుకుని వేలాడాలో నాకైతే అర్థం కాదు.

ఎండ సంగతి చెన్నైలో చెప్పకుండా కుదరదు. ఒంట్లో వేడి పెరిగితే దాన్ని బయటకు పంపడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది. మళ్లీ గుండెకు చేరేదే తగ్గుతుంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. సముద్రపు తేమ నిండిన గాలిలో అది ఆరదు, ధారలుగా కారిపోతుంది. నీళ్లు పోతాయి, చల్లదనం మాత్రం రాదు. మే నెలలో అగ్ని నక్షత్రం అనే మండుటెండల రోజులు నడుస్తుండగా నాగేశ్వరరావు పార్కులో పొద్దున ఎనిమిదింటికి నడవడం కన్నా, ఫ్యాను కింద హాల్లో అటూ ఇటూ నడవడమే తెలివైన పని.

మరి రోజు ఎలా గడవాలి? పెరంబూరులో ఉండే నెల్లూరు అమ్మాయిని ఊహించుకుందాం. 32 వారాలు, ఇంటినుంచే కంప్యూటర్ ఉద్యోగం, రక్తపోటు మామూలుగా ఉంది, మాయ పైనే ఉంది, వైద్యురాలు వ్యాయామానికి సరేనన్నారు. తోడుగా వచ్చిన తల్లి, "కాసేపు నడుం వాల్చమ్మా" అంటుంది. అత్తగారు ఫోనులో, "గొంతుక్కూర్చుని ఇల్లు తుడిస్తే కాన్పు సులువు" అంటుంది. ఇద్దరి మాటా కొంతవరకు వినొచ్చు.

వారానికి 150 నిమిషాల మధ్యస్థ శ్రమ గర్భిణులకు మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ అమ్మాయి టిఫిను, మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం అయ్యాక పదేసి నిమిషాలు నడిస్తే రోజుకు 30 నిమిషాలు. వారంలో ఐదు రోజులు అలా నడిస్తే లెక్క సరిపోతుంది. తిన్నాక నడవడానికి ఇంకో కారణం ఉంది. నిండు నెలల్లో ఇన్సులిన్ సరిగా పనిచేయదు, తిన్న తర్వాత రక్తంలో చక్కెర ఎగబాకుతుంది. నడిచే కండరాలు అందులో కొంత వాడుకుంటాయి. గర్భంలో మధుమేహాన్ని 75 గ్రాముల గ్లూకోజుతో పట్టుకునే పద్ధతిని మన దేశంలో ముందుకు తెచ్చినవారు చెన్నై వైద్యుడు వి.శేషయ్య. ఆ పరీక్షలో చక్కెర ఎక్కువని తేలినవారికి ఈ పది నిమిషాల నడకలు మరీ ముఖ్యం.

నడక వేగానికి నాడి లెక్కలు నమ్మొద్దు. గర్భంలో రక్తం 40 నుంచి 50 శాతం పెరిగి, ఊరికే కూర్చున్నా గుండె వేగంగానే కొట్టుకుంటుంది. పక్కన నడిచే అమ్మతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే కొలత. మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకోవాల్సివస్తే వేగం తగ్గించాలి. ఇదివరకు అలవాటు లేకపోతే ఐదేసి నిమిషాలతో మొదలుపెట్టాలి.

నడక కాక ఆమె చేయదగ్గవి రెండు మూడున్నాయి. కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చోవడం ఎనిమిది పది సార్లు, లేచేటప్పుడు ఊపిరి వదులుతూ. గోడకు చేతులాన్చి ముందుకు వంగి వెనక్కి రావడం మరో ఎనిమిది. చేతులూ మోకాళ్ల మీద ఉండి వీపును నెమ్మదిగా గుండ్రంగా ఎత్తి దించడం నడుము నొప్పికి హాయినిస్తుంది, గర్భాశయం బరువు కూడా వెన్నెముక మీంచి తప్పుకుంటుంది. అత్తగారి సలహా ప్రకారం గొంతుక్కూర్చోవడానికి అభ్యంతరం లేదు. కిటికీ ఊచో, మంచం కోడో పట్టుకుని కూర్చోవాలి. మోకాళ్లలో, కటి ముందు ఎముక దగ్గర నొప్పి ఉంటే మానేయాలి. మాయ కిందికి ఉన్నవారికి ఇది అసలు వద్దు.

మంచం మీంచి ఆమె తిన్నగా లేచి కూర్చుంటే పొట్ట నడిమధ్యన, బొడ్డుకు పైన, కోసుగా ఒక గట్టు లేవడం కనిపించవచ్చు. రెండువైపుల నిలువు కండరాలను కలిపే పట్టీ సాగి పలచబడినచోట లోపలి ఒత్తిడి బయటకు తోస్తున్న ఆనవాలు అది. ఏ వ్యాయామంలో ఆ గట్టు కనిపించినా దాన్ని ఆపేయాలి. పడుకుని రెండు కాళ్లూ కలిపి ఎత్తడం, నౌకాసనం, సిటప్‌లు ఆ జాబితాలోకే వస్తాయి. లేచేటప్పుడు ముందు పక్కకు తిరిగి, కాళ్లు కిందికి దించి, చేత్తో మంచాన్ని నెట్టుకుని లేస్తే పొట్ట మీద ఆ భారం పడదు. పెద్దవాళ్ల నియమాన్ని ఇక్కడ తిరగేయాల్సిందే: ముందు ఒత్తిగిలడం, తర్వాత కూర్చోవడం.

కొందరికి 34, 35 వారాలకు కటి కీళ్లలో నొప్పి మొదలవుతుంది. ఒంటికాలి మీద నిలబడి సల్వారు వేసుకున్నా, ఆటోలోంచి ఒక కాలు ముందు దించినా చురుక్కుమంటుంది. కూర్చుని బట్టలు వేసుకోవాలి. ఆటో దిగేటప్పుడు రెండు మోకాళ్లూ దగ్గరగా ఉంచి ఒకేసారి బయటకు తిప్పాలి. నడక అడుగులు చిన్నవి కావాలి, మెట్లు తగ్గాలి.

మాయ గర్భాశయ ముఖద్వారాన్ని కప్పి ఉన్నవారు, గర్భంలో అధిక రక్తపోటు ప్రమాదకర స్థాయికి చేరినవారు, గర్భాశయ ముఖద్వారానికి కుట్టు వేయించుకున్నవారు, హిమోగ్లోబిన్ 7 కన్నా తక్కువున్నవారు ఇవేవీ సొంతంగా మొదలుపెట్టకూడదు. మిగతావారు కూడా రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, ఛాతీ నొప్పి, తగ్గని తలనొప్పి, కదలకముందే ఆయాసం, ఒక్క పిక్కలోనే వాపు, నొప్పి కనిపిస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. బిడ్డ కదలికలు తగ్గినా మరుసటి రోజు దాకా ఆగకూడదు. నడిచేటప్పుడు పొట్ట గట్టిపడితే నీళ్లు తాగి పక్కకు ఒత్తిగిలి చూడాలి. దొంగ నొప్పులైతే సద్దుమణుగుతాయి. పడుకున్నా తగ్గక, ఒకదాని వెంట ఒకటి దగ్గర దగ్గరగా, అంతకంతకూ బలంగా వస్తుంటే, ముఖ్యంగా 37 వారాలు నిండకముందే అలా అయితే, గడియారం చూసుకుంటూ ఇంట్లో కూర్చోకుండా బయలుదేరాలి.