సామెత, కొటేషన్, నినాదం, అఫర్మేషన్: అపోహలు - వాస్తవాలు

ఆరోగ్య ప్రచారాలకు మాటలు రాయడం నా పని. పోస్టర్లు, కరపత్రాలు, డాక్టర్ల ప్రసంగాలు, రోగుల చేతికిచ్చే చిన్న కార్డులు, ఇలాంటివన్నీ రాస్తుంటాను. నన్ను తరచూ అడిగేది ఒకటే: "మంచి మాట ఒకటి పెట్టండి, సామెతో కొటేషనో, ఏదైనా సరే." నిజానికి ఏదిబడితే అది సరిపోదు. ఈ నాలుగింటినీ వేరుచేసేది పొడవూ కాదు, ప్రాసా కాదు. ఆ మాట ఎవరు అంటున్నారు, ఎవరితో అంటున్నారు అన్నదే అసలు తేడా. సామెతను పదిమంది తరఫున అంటాం, దానికి సొంతదారు లేడు. కొటేషన్ వెనక పేరున్న ఒక మనిషి ఉంటాడు. నినాదం ఒక గుంపు బయటివాళ్లను ఉద్దేశించి వేసే కేక. అఫర్మేషన్ మనిషి తనకు తాను చెప్పుకునే మాట. సిగరెట్ మాన్పించే ప్రచారాన్ని ఉదాహరణగా తీసుకుని, ఇవి ఎక్కడెక్కడ తారుమారవుతాయో చెబుతాను.

అపోహ: సామెత అంటే ఎవరికైనా, ఎప్పుడైనా వర్తించే సత్యం.

"ఆలస్యం అమృతం విషం" అంటాం. "నిదానమే ప్రధానం" అనీ అంటాం. రెండూ నిజమే, కానీ ఒకే సందర్భంలో రెండూ నిజం కావు. సామెత సూత్రం కాదు. కళ్లెదుట ఉన్న పరిస్థితి మీద పెద్దలు చెప్పే తీర్పు లాంటిది. పరిస్థితి లేకపోతే తీర్పుకు పని లేదు.

ఇది మన సామెతల నిర్మాణంలోనే కనిపిస్తుంది. "చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు", "కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు" వంటివి పూర్తి వాక్యాలు కావు. చివరనున్న "అట్టు" దేనికో ఒకదానికి తగులుకోవాలి. మాటల మధ్యలో ఎవరో చేసిన పనికి తగిలిస్తే చురుక్కుమంటుంది. ఒంటరిగా గోడమీద రాస్తే గాలిలో వేలాడుతుంది.

ఇప్పుడు సిగరెట్ సంగతికి వద్దాం. మాన్పించే కేంద్రంలో గోడమీద "మొక్కై వంగనిది మానై వంగునా" అని రాయాలన్న ప్రతిపాదన వచ్చిందనుకోండి. మంచి సామెతే. కానీ అక్కడికి వచ్చేవాడికి నలభై అయిదేళ్లు, పాతికేళ్లుగా తాగుతున్నాడు. ఆ గోడ అతనితో ఏమంటోంది? "నువ్వు మానువి, ఇక వంగవు" అంటోంది. మానేద్దామని వచ్చినవాణ్ని గుమ్మంలోనే వెనక్కి పంపే మాట అది. అదే సామెతను హైస్కూల్ పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో, అలవాటు చిన్న వయసులోనే మొదలవుతుందని వివరిస్తూ అంటే సరిగ్గా అతుకుతుంది. మాట మారలేదు, వినేవాళ్లు మారారు. "చేతులు కాలాక ఆకులు" కూడా ఇంతే. జబ్బు వచ్చేసిన మనిషి ఎదుట దాన్ని అనడం క్రూరత్వం.

అందుకే ప్రచారంలో సామెతను నేను అచ్చులో తక్కువగా, మాటల్లో ఎక్కువగా వాడతాను. ఎదురుగా కూర్చుని మాట్లాడే కౌన్సెలర్‌కు అది బాగా పనికొస్తుంది. ఎప్పుడు అనాలో, ఎప్పుడు మింగేయాలో ఆ మనిషికి తెలుస్తుంది. గోడకు తెలియదు.

అపోహ: సామెతనో సూక్తినో పెద్ద అక్షరాల్లో రాస్తే నినాదమైపోతుంది.

నినాదానికి ఒక డిమాండ్ ఉండాలి. 1942లో "క్విట్ ఇండియా" అన్నప్పుడు ఎవరు ఏం చేయాలో రెండు మాటల్లో తేలిపోయింది. ఆ డిమాండ్ తీరాక ఆ మాట చరిత్రలోకి వెళ్లిపోయింది. నినాదానికి అది లోపం కాదు, పని పూర్తయిందన్న గుర్తు. "ఆరోగ్యమే మహాభాగ్యం" అని ఆసుపత్రి గేటు మీద రాస్తే ఎవరూ కాదనరు, ఎవరూ ఏమీ చేయరు. "ఈ గేటు దాటాక సిగరెట్ వద్దు" అనండి. చేయాల్సింది ఏమిటో, ఎక్కడ చేయాలో అందులో ఉంది. ఎవరైనా తాగుతూ కనిపిస్తే పక్కవాడు ఆ మాటే వేలెత్తి చూపగలడు.

అపోహ: మాట గొప్పదైతే చాలు, ఎవరన్నారన్నది ముఖ్యం కాదు.

ఇతర మూడింటికీ ఇది వర్తిస్తుందేమో గానీ కొటేషన్‌కు అస్సలు వర్తించదు. కొటేషన్ బలమంతా కింద ఉన్న పేరులోనే ఉంది. ఆ పేరు తప్పని తేలితే మాటతోపాటు దాన్ని వాడిన మనిషి మీద కూడా నమ్మకం పోతుంది. "లోకంలో చూడాలనుకునే మార్పు నువ్వే కావాలి" అన్న వాక్యాన్ని గాంధీజీ పేరుతో ఎన్నిచోట్ల చూశామో! ఆయన రచనల్లో ఆ వాక్యం దొరకదు. దానికి దగ్గరగా 1913లో 'ఇండియన్ ఒపీనియన్' పత్రికలో ఆయన రాసింది ఒకటుంది. మనల్ని మనం మార్చుకోగలిగితే లోకపు ధోరణులూ మారతాయని, మనిషి తన స్వభావాన్ని మార్చుకున్నకొద్దీ అతని పట్ల లోకం వైఖరీ మారుతుందని దాని సారాంశం. పోస్టర్ మీద పట్టదు. అసలు మాటలు సాధారణంగా అలాగే ఉంటాయి, కాస్త పొడవుగా, ముందూ వెనకా సందర్భంతో. పోస్టర్ కొలతకు సరిగ్గా సరిపోయే సూక్తి కనిపిస్తే నేను ముందు అనుమానిస్తాను.

"సిగరెట్ మానడం చాలా తేలిక, నేను వందలసార్లు మానాను" అన్న మాట మార్క్ ట్వైన్ పేరుతో తిరుగుతుంది. అదీ ఆయన రచనల్లో కనిపించదు. డాక్టర్ ప్రసంగంలో ఆ చమత్కారం కావాలంటే పేరు తీసేసి "ఎవరో అన్నట్టు" అని వాడమంటాను. ఏ పుస్తకంలో, ఏ ప్రసంగంలో, ఏ ఏట అన్నారో దొరకని మాటకు పేరు తగిలించకూడదు. "తినగ తినగ వేము తియ్యనుండు" లాంటివి వేరు. వేమన పేరు చెబితే కొటేషన్, పేరు లేకుండా అంటే సామెత. జనం నోట నాని రెండు దారుల్లోనూ నిలబడిన మాట అది.

అపోహ: అఫర్మేషన్ ఎంత గొప్పగా ఉంటే, ఎన్నిసార్లు అంటే అంత మంచిది.

ఈ పద్ధతికి బాగా ప్రచారం తెచ్చినవాడు ఫ్రాన్స్‌కు చెందిన ఎమిల్ కూయే అనే ఫార్మసిస్టు. "ప్రతిరోజూ, అన్ని విధాలా, నేను మెరుగవుతున్నాను" అన్న అర్థం వచ్చే వాక్యాన్ని ఉదయం లేవగానే, రాత్రి పడుకునే ముందు ఇరవైసార్లు అనుకోమనేవాడు. లెక్క తప్పకుండా ఇరవై ముడులు వేసిన తాడు పట్టుకోమనేవాడు.

కానీ 2009లో జోఆన్ వుడ్ బృందం ప్రచురించిన పరిశోధన చూడండి. "నేను ప్రేమకు తగిన మనిషిని" అన్న వాక్యాన్ని కొందరితో పదేపదే అనిపించారు. ఆత్మగౌరవం అప్పటికే బాగున్నవాళ్లకు స్వల్పంగా మేలు జరిగింది. అది తక్కువగా ఉన్నవాళ్లకు, అంటే ఎవరికోసం ఇలాంటి వాక్యాలు రాస్తామో వాళ్లకే, మనసు ఇంకా దిగజారింది. నమ్మలేని మాట అంటున్నప్పుడు లోపలి నుంచి "అబద్ధం" అన్న జవాబు వస్తుందని ఆ పరిశోధకుల వివరణ.

మానేసిన మొదటిరోజు మనిషికి "నేను సిగరెట్ల నుంచి పూర్తిగా విముక్తుణ్ని" అన్న కార్డు ఇస్తే ఇదే జరుగుతుంది. గంటలో కోరిక పుడుతుంది, కార్డు అబద్ధమైపోతుంది. దాని బదులు నేను రాసేది: "కోరిక వస్తుంది, కాసేపట్లో తగ్గుతుంది. అప్పటిదాకా ఆగడం నాకు చేతనవును." కోరిక సాధారణంగా కొన్ని నిమిషాల్లో తగ్గిపోతుంది గనక ఈ మాటను అతను ఆరోజే పరీక్షించి చూసుకోగలడు. మొదటిసారి ఆగగలిగాక ఆ వాక్యం అతని అనుభవమవుతుంది.

కార్డు ఇచ్చేముందు ఆ వాక్యాన్ని పైకి చదివించి, ఎంత నిజమనిపిస్తోందో అడుగుతాం. చదువుతూ నవ్వినా, చూపు తిప్పుకున్నా వాక్యం పెద్దదైపోయిందని అర్థం. అప్పుడు దాన్ని తగ్గిస్తాం. "చేతనవును" మరీ ఎక్కువనిపిస్తే "ఈ ఒక్కసారి ఆగి చూస్తాను" దగ్గర ఆపుతాం. చివరి మాట అతను తన చేతిరాతతోనే రాసుకుంటాడు. కార్డు జేబులో ఉంటుంది, గోడమీదికి ఎక్కదు.