కేస్ పీపీటీ నుంచి డిస్కషన్ గైడ్: కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో ఎంబీఏ పిల్లలకు ఫైనాన్స్ చెబుతాను. చిత్తూరు వైపు మామిడి గుజ్జు తీసే ఒక యూనిట్ బ్యాంకు కోసం తయారు చేసుకున్న 24 స్లైడ్ల పీపీటీ నా చేతికొచ్చింది. పేరు తీసేసి, అంకెలు కొంచెం మార్చి క్లాసులో కేసుగా వాడుకుంటున్నాను, చర్చ నడపడానికి నాకోసం ఒక గైడ్ కూడా రాసుకున్నాను. విషయం చిన్నదే. ఇప్పుడు టిన్నుల్లో నింపుతున్న గుజ్జును డ్రమ్ముల్లోని అసెప్టిక్ బ్యాగుల్లో నింపే మెషీన్ 4 కోట్లు పెట్టి కొనాలా, వద్దా?

అపోహ: స్లైడుకో ప్రశ్న రాస్తే గైడ్ రెడీ.

మొదటిసారి నేనూ అదే చేశాను, 24 స్లైడ్లకు 19 ప్రశ్నలు. 75 నిమిషాల పీరియడ్‌లో ఆరో ప్రశ్నకే బెల్ కొట్టారు, అదీ పిల్లలు స్లైడులో ఉన్నదాన్నే తిరిగి నాకు చదివి వినిపిస్తుంటే. జవాబు స్లైడు మీదే ఉంటే దాని గురించి చర్చించేదేముంది? ఇప్పుడు నాలుగు ప్రశ్నలే పెడతాను. ఒక ప్రశ్న ఉండాలా పోవాలా అని తేల్చడానికి నేను చూసేది ఒక్కటే, జవాబు కోసం కనీసం రెండు స్లైడ్లు పక్కపక్కన పెట్టుకోవాల్సి వస్తుందా లేదా.

ఈ కేసులో అలాంటి జంట 9, 17. తొమ్మిదో స్లైడు ప్యాకింగ్‌లో టన్నుకు 6,000 రూపాయలు మిగులుతుందని, 3,000 టన్నుల మీద ఏటా 1.8 కోట్లు వస్తుంది కాబట్టి రెండేళ్ల మూడు నెలల్లో పెట్టుబడి వెనక్కి వచ్చేస్తుందని చెబుతుంది. ఆ 3,000 మెషీన్ కెపాసిటీ. పదిహేడో స్లైడులో, ఒక మూలన చిన్న అక్షరాల్లో, గత మూడు సీజన్లలో నిజంగా తీసిన గుజ్జు ఉంది: 1,800, 1,500, 2,100 టన్నులు. సగటు 1,800 కాబట్టి మిగిలేది 1.08 కోట్లే, పెట్టుబడి తిరిగి రావడానికి మూడేళ్ల ఎనిమిది నెలలు పడుతుంది.

ఇదంతా నేనే చెప్పేస్తే క్లాసు పడుకుంటుంది. అందుకే గైడులో ప్రశ్న ఇలా రాశాను: "మూడేళ్లలో డబ్బు తిరిగి రావాలంటే ఏటా ఎన్ని టన్నులు తీయాలి? ఆ మాట నమ్మడానికి పీపీటీలో ఏముంది?" లెక్క కడితే దాదాపు 2,222 టన్నులు వస్తుంది. ఇంతవరకూ ఏ సీజన్‌లోనూ అంత తీయలేదు. ఆ సంగతి వాళ్లంతట వాళ్లే పట్టుకోవాలి.

అపోహ: గైడ్ అంటే ప్రశ్నలు, వాటికి సరైన జవాబులు.

నా కాపీలో సరైన జవాబుకు రెండు లైన్లు చాలు. ఎక్కువ చోటు తప్పు జవాబులకే ఇస్తాను, ఎందుకంటే క్లాసు అక్కడే దారి తప్పుతుంది. ఈ కేసులో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు లేచి "కాయ ధర పెరిగితే లాభమంతా పోతుంది సార్" అంటారు. కిలో గుజ్జుకు రెండు కిలోల దాకా తోతాపురి కాయ కావాలి కాబట్టి, కాయ కిలోకు 3 రూపాయలు పెరిగితే టన్ను గుజ్జుకు 6,000 ఖర్చు పెరుగుతుంది. అంటే మిగిలేదంతా సరిగ్గా ఆవిరి! వినడానికి బాగానే ఉంటుంది కానీ తప్పు. టిన్నులో నింపినా డ్రమ్ములో నింపినా కాయ ఖర్చు ఒకటే, మెషీన్ వల్ల మారేది ప్యాకింగ్ ఖర్చే. దీనికి గైడులో ఒక ఎదురు ప్రశ్న రాసి పెట్టుకున్నాను: "మెషీన్ కొనకపోతే ఆ 3 రూపాయలు తప్పుతాయా?"

ఒకసారి దానికి బంగారుపాళెం నుంచి వచ్చే అమ్మాయి, వాళ్లకు తోట ఉంది, అడ్డం తిరిగింది. ధర పెరిగితే ఫ్యాక్టరీకి ఉన్న బ్యాంకు లిమిట్‌లో తక్కువ కాయే కొంటారు, అప్పుడు టన్నులు తగ్గవా సార్ అని. నిజమే, మెషీన్‌కు దెబ్బ తగిలేది ధర వల్ల కాదు, దాని వల్ల తగ్గే టన్నుల వల్ల. అది నా గైడులో లేదు. ఆ రోజు సాయంత్రమే చేర్చాను.

అపోహ: పీపీటీ మొత్తం పిల్లలకు ముందే ఇచ్చేయాలి.

21 నుంచి 24 దాకా ఉన్నవి "కొనాలి" అనే సిఫార్సు, దానికి మెరుగులు. అవి చూశాక ఎవరూ వద్దు అనరు. పిల్లల కాపీ 20తో ఆపేస్తాను. క్లాసు మొదలవగానే చేతులెత్తించి కొందాం ఎందరో, వద్దు ఎందరో బోర్డు కుడి మూలన రాస్తాను, పది నిమిషాలకు మించనివ్వను. లెక్కలకు 30, కాయ దొరకడం గురించి 20, చివరి 15లో మళ్లీ ఓటు, ఏ అంకె చూసి మనసు మారిందో చెప్పాలి. ఆ నాలుగు స్లైడ్లు బయటికి వెళ్లేటప్పుడు చేతికిస్తాను. పోయిన బ్యాచ్‌లో రెండో ఓటుకు "కొందాం" 31 నుంచి 12కు పడింది, ఆ పన్నెండు మందిలో సగం మంది పక్క యూనిట్ల గుజ్జు కూడా కూలికి నింపి ఇస్తే 2,222 దాటుతుందని పట్టుబట్టారు. పీపీటీలో ఆ ఊసే లేదు.