"మేడమ్, ఒకటి అడగొచ్చా?": అపోహలు - వాస్తవాలు

నేను గైనకాలజిస్టుని. చిన్న ఊళ్ళో ప్రాక్టీసు. నా దగ్గరకి వచ్చే ఆడవాళ్ళకి నా వాట్సాప్ నంబర్ ఇస్తాను. అందులోకి రోజూ వచ్చే మెసేజ్ ఒకటుంది: "మేడమ్, ఒకటి అడగొచ్చా?" అంతే. ఏం అడగాలో ఉండదు. ఈ మెసేజ్ గురించి, దానికి మనమిచ్చే జవాబు గురించి నాకూ, నా తోటి డాక్టర్లకీ ఉన్న కొన్ని తప్పుడు నమ్మకాలు రాస్తున్నాను.

అపోహ: అంత అర్జెంటైతే నేరుగానే అడుగుతారు. అడగలేదంటే ఆగే విషయమే.

వాస్తవం: నా అనుభవంలో చాలాసార్లు దీనికి తలకిందులుగా ఉంది. జ్వరం మందు గురించో, స్కానింగ్ తేదీ గురించో అయితే నేరుగానే రాసేస్తారు. నోటికి రాని విషయాలకే ముందు తలుపు తట్టి చూస్తారు. వాటిలో గడియారంతో పనున్నవీ ఉంటాయి.

ఒక కేసు చెబుతాను. మనిషి గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. ఒక ఆదివారం రాత్రి 8 గంటలకి ఒకమ్మాయి ఈ మెసేజ్ పెట్టింది. నేను లేబర్ రూమ్‌లో ఉన్నాను. 11 గంటలకి చూసి "చెప్పమ్మా" అని పెట్టాను. సోమవారం ఉదయం 9 గంటలకి "ఏం లేదు మేడమ్, పర్లేదు" అని వచ్చింది. అక్కడితో వదిలేసేదాన్నే. ఎందుకో మనసొప్పక ఇంకో జవాబు రాశాను. అదేమిటో కింద చెబుతాను. 20 నిమిషాల తర్వాత అసలు విషయం వచ్చింది. శుక్రవారం రాత్రి 11 ప్రాంతంలో కండోమ్ చిరిగింది. పాపకి ఏడో నెల, నెలసరి మళ్ళీ మొదలైంది. టాబ్లెట్ ఉంటుందని విన్నది కానీ, వేసుకుంటే పాలు ఎండిపోతాయని ఎవరో అన్నారట. ఆమెను ఆపింది ఆ మాటే.

లెక్క చూడండి. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి, 72 గంటల్లోపు వేసుకోవాలి. 72 గంటలదాకా ఆగొచ్చని కాదు, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. అది అండం విడుదలను వాయిదా వేసి పనిచేస్తుంది. అండం విడుదలైపోయాక దాని వల్ల లాభం ఉండదు. అప్పటికే నిలిచిన గర్భాన్ని అది తీసేయదు. ఈ అమ్మాయి మొదటి మెసేజ్ పెట్టేటప్పటికి 45 గంటలయ్యాయి. విషయం నాకు తెలిసేటప్పటికి దాదాపు 59. మధ్యలో పోయిన 14 గంటల్లో లేబర్ రూమ్‌లో గడిచినవి మూడే. మిగతావి "చెప్పమ్మా" అన్న నా ఒక్క మాట దగ్గర పోయాయి.

పాలిచ్చే తల్లి ఆ మాత్ర వేసుకోవచ్చు, పాలు ఎండవు. టీబీకి రిఫాంపిసిన్ లాంటిదో, ఫిట్స్‌కి మందులో వాడుతోందా అని అడిగాను, ఎందుకంటే వాటిలో కొన్ని ఈ మాత్ర బలాన్ని తగ్గిస్తాయి. లేదంది. మెడికల్ షాపులో చీటీ అడగరని, మింగిన రెండు మూడు గంటల్లోపు వాంతి అయితే మళ్ళీ వేసుకోవాలని చెప్పాను. బుధవారం రాత్రిలోపు వస్తే కాపర్ టీ కూడా వేయొచ్చని, అది మాత్ర కన్నా గట్టి మార్గమని చెప్పాను. అయిదు రోజుల్లోపు వేస్తే అది ఇప్పుడు గర్భం రాకుండానూ చూస్తుంది, తర్వాత ఏళ్ళతరబడి పనికొస్తుంది. ఆమె మాత్రే చాలంది. నెలసరి వారం దాటి ఆలస్యమైతే మూత్ర పరీక్ష చేసుకోమన్నాను. నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది.

అపోహ: "చెప్పండి" అంటే చాలు, తలుపు తీసినట్టే.

వాస్తవం: అడగొచ్చా అన్న మాటలో మూడు ప్రశ్నలు దాగి ఉంటాయి. ఈ ఫోన్ ఇంకెవరైనా చూస్తారా? ఇలాంటిది అడిగితే తిడతారా? నేను రాశాక మీరు ఎప్పుడు చూస్తారు? "చెప్పండి" వీటిలో ఒక్కదానికీ జవాబు కాదు. సోమవారం ఉదయం నేను రెండోసారి రాసింది ఇది:

"అడుగమ్మా, ఏదైనా అడగొచ్చు. ఈ ఫోన్ నేనొక్కదాన్నే చూస్తాను. రాసినా సరే, వాయిస్ పెట్టినా సరే, సగం సగం రాసినా అర్థం చేసుకుంటాను. పది గంటల దాకా ఫోన్ చేతిలోనే ఉంటుంది. తర్వాత ఓపీ, మళ్ళీ రెండింటికి చూస్తాను. ఒంట్లో బాగా తేడాగా ఉంటే మాత్రం నా జవాబు కోసం ఆగకుండా 108కి చెయ్యి."

ఇందులో టైము చెప్పిన వాక్యం నాకు అన్నిటికన్నా ముఖ్యం. రాయలేని విషయం రాసి పంపాక, అది చూశారో లేదో తెలియకుండా గంటలు కూర్చోవడం కన్నా టెన్షన్ ఇంకోటి ఉండదు. ఆ భయంతోనే రాసింది చెరిపేస్తారు.

అపోహ: మొహమాటపడుతోంది కాబట్టి మనమే ఊహించి అడిగితే సాయం చేసినట్టు.

వాస్తవం: "పీరియడ్ రాలేదా? ప్రెగ్నెన్సీ డౌటా?" అని రాయకండి. మన ఇళ్ళలో ఫోన్ ఒక్కరిదే కాదు. అత్తగారి చేతిలో ఉండొచ్చు, పిల్లాడు ఆడుకుంటూ ఉండొచ్చు, మెసేజ్ తాళం తీయకుండానే తెర మీద కనబడుతుంది. పై జవాబులో ఏ జబ్బు పేరూ లేకపోవడం అందుకే. అది ఎవరు చదివినా ఇబ్బంది రాదు. ఫోన్ చేయడం కూడా అంతే. మోగిన ఫోన్‌ని అందరి ముందూ ఎత్తాలి. ముందు "ఇప్పుడు మాట్లాడ్డం కుదురుతుందా?" అని రాసి, కుదురుతుందంటేనే చేస్తాను.

అపోహ: "ఎవరికీ చెప్పను" అని మాటిస్తే ధైర్యంగా అడుగుతారు.

వాస్తవం: అడుగుతారు, కానీ ఆ మాట అన్నివేళలా నిలబెట్టుకోలేం. అటువైపున్నది 18 ఏళ్ళు నిండని అమ్మాయి అయితే, ఆమె మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం డాక్టరు పోలీసులకి తెలియజేయాల్సిందే. చికిత్స మాత్రం ఆపకూడదు. అందుకే "నేనొక్కదాన్నే చూస్తాను" అని రాస్తాను, అది నిజం. వయసు సంగతి విషయం బయటికి వచ్చాక, మందు చెప్పకముందు అడుగుతాను. 2020 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా పేరూ వయసూ తెలుసుకోమంటాయి. మొదటి జవాబులోనే "పేరు, వయసు, ఊరు రాయండి" అని పెడితే పోలీస్ స్టేషన్‌లో అడిగినట్టుంటుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు.

అపోహ: ఆటోమేటిక్ జవాబు పెట్టేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఎప్పుడు చూస్తారో అందులో నిజంగా ఉంటే పెట్టుకోవచ్చు. "మీ మెసేజ్ అందింది, త్వరలో సంప్రదిస్తాం" అనేది ఫోన్ నలుగురి చేతిలో ఉందనిపిస్తుంది, అడగబోయిన మనిషి వెనక్కి పోతుంది.

ఇక "ఏం లేదు మేడమ్" అని వచ్చినప్పుడు. గుచ్చి గుచ్చి అడగను. పైన రాసిన జవాబే ఒక్కసారి పెట్టి ఊరుకుంటాను. కొందరు 20 నిమిషాలకి రాస్తారు, కొందరు రెండు వారాల తర్వాత పాపకి టీకా వేయించడానికి వచ్చి, నర్సు బయటికెళ్ళాక కుర్చీ దగ్గరకి జరిపి మొదలుపెడతారు. అందుకని ఓపీలో ఆ పేరు కనబడితే, వెంట వచ్చినవాళ్ళని ఒక నిమిషం బయట కూర్చోమంటాను.