ప్రచారానికి లొంగేది ఎప్పుడూ ఇతరులేనా?

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, ఇవోజిమా దీవిలో నల్లజాతి సైనికులూ తెల్లజాతి అధికారులూ ఉన్న ఒక అమెరికన్ దళంపై జపాన్ సేనలు కరపత్రాలు జారవిడిచాయి. ఇది తెల్లవారి యుద్ధమనీ, దానికోసం ప్రాణాలు పోగొట్టుకోవద్దనీ వాటి సారాంశం. మరునాడే ఆ దళాన్ని వెనక్కి రప్పించారు. సైనికుల మనసు మారినట్టు ఆధారమేదీ దొరకలేదు; మారిపోతుందని అధికారులు భయపడి ఉండవచ్చు. ఒక చరిత్రకారుని ద్వారా ఈ ఉదంతం విన్న అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యు. ఫిలిప్స్ డేవిసన్, 1983లో ప్రచురించిన వ్యాసంలో ఈ ధోరణికి ‘మూడవ వ్యక్తి ప్రభావం’ అని పేరు పెట్టాడు. మాధ్యమాలు నన్నూ నిన్నూ కాదు, అవతలివారిని మారుస్తాయన్న నమ్మకం ఇది.

దీనికి ఒక కారణం ఆత్మాభిమానం. ప్రకటనను నమ్మి మోసపోవడం తెలివితక్కువతనంగా తోచినప్పుడు దాన్ని ఇతరులకు అంటగడతాం. అదే రక్తదానం చేయమనే సందేశమైతే, దానికి స్పందించడం గౌరవమే కాబట్టి, ఈ తేడా తగ్గుతుంది, ఒక్కోసారి తలకిందులవుతుంది కూడా. మరో కారణం, మన ఆలోచనలను లోపలినుంచి చూసుకుంటాం గనుక మన అభిప్రాయానికి కారణాలు కనిపిస్తాయి. ఇతరుల విషయంలో మాత్రం సందేశాన్ని చూడగానే ప్రభావం పడిందని సులువుగా అనుకుంటాం.

అయితే పొరపాటు ఎక్కడుంది? మనపై పడే ప్రభావాన్ని తక్కువగా అంచనా వేస్తున్నామా, ఇతరులపై పడేదాన్ని ఎక్కువగా వేస్తున్నామా? “మీపై ఎంత? ఇతరులపై ఎంత?” అని అడిగి ఊరుకునే సర్వే దీన్ని తేల్చలేదు. అసలు మార్పును కూడా కొలవాలి. అందుకు 200 మందిని చీటీలు తీసి రెండు సమభాగాలు చేసి, ఒక భాగానికి మాత్రమే ఏదో ఒక విటమిన్ మాత్రల ప్రకటన చూపించి, ఆ మాత్రలపై నమ్మకాన్ని రెండు భాగాలవారినీ 0 నుంచి 10 వరకు అంకెలో చెప్పమనాలి. ప్రకటన చూసినవారిని, దానివల్ల తమ అంకె ఎంత పెరిగిందో, చూసిన మిగతావారిది ఎంత పెరిగి ఉంటుందో అదనంగా అడగాలి.

ఊహకు, చూడనివారి సగటు 4, చూసినవారిది 5.5 అనుకుందాం. అసలు మార్పు 1.5. తమ మార్పు 0.5 అనీ, ఇతరులది 2 అనీ వారు సగటున చెబితే, తమను 1 తక్కువగానూ, ఇతరులను 0.5 ఎక్కువగానూ లెక్కవేశారన్నమాట. ఇక్కడ ‘ఇతరులు’ అంటే ప్రకటన చూసిన సర్వే సభ్యులే కావాలి; ‘సామాన్య ప్రజలు’ అని అడిగితే, చదువుకున్న బృందం చెప్పిన తేడా నిజమే అయ్యే అవకాశముంది, కానీ మనం దాన్ని భ్రమగా లెక్కగడతాం.

ఈ తరహా పరిశోధనల ఫలితాలు ఒక్కతీరుగా లేవు. కొన్నిటిలో ఇతరులపై ప్రభావాన్ని అతిగా ఊహించినట్టు తేలింది. 2004లో కరెన్ డగ్లస్, రాబీ సటన్ ప్రచురించిన అధ్యయనంలో మాత్రం ఇతరుల గురించిన అంచనా దాదాపు సరిగ్గానే ఉంది, తప్పింది తమ గురించి వేసుకున్న లెక్కే.